ఓడిపోయే జట్టు కథ రాస్తున్నా, పిల్లలు నమ్మడం లేదు. మీ అనుభవాలు చెప్పండి

పలక_బలపం
ఐదో తరగతి పిల్లల కోసం ఒక కబడ్డీ కథ రాస్తున్నాను. చిన్న బడి. జట్టుకి సరిగ్గా ఏడుగురు అమ్మాయిలే ఉన్నారు, బెంచీ మీద కూర్చోడానికి ఎనిమిదో పిల్ల లేదు. మండల పోటీల్లో పెద్ద హైస్కూలు జట్టుతో 35–15 తేడాతో ఓడిపోతారు. మాస్టారు వచ్చి "గెలుపోటములు సహజం" అంటారు, అందరూ చేతులు కలిపి నవ్వుకుంటూ ఆటో ఎక్కుతారు. ఇదీ కథ. క్లాసులో చదివి వినిపిస్తే ఒక పిల్లాడు "ఓడిపోయాక నవ్వారెందుకు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పిల్లలతో ఆడించినవాళ్లు, కథలు చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, నిజంగా ఏం జరుగుతుందో చెప్పండి.

సిరి_వాళ్లమ్మ
మా సిరిదీ ఇదే బాధ అండి. క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు ఎత్తి పడేస్తుంది. వాళ్ల తాతయ్య కావాలనే ఓడిపోతుంటారు, నాకేమో అది ఇష్టం లేదు. ఏం చెయ్యమంటారు?

కథల_అత్తయ్య
సిరి వాళ్లమ్మా, ఆయన కథ రాయడం గురించి అడుగుతున్నారు. అయినా మీరు చెప్పిన బోర్డు ఎత్తేసే పిల్ల ఆయన కథలో లేదు చూడండి, లోపం అక్కడే ఉంది. ఏడుగురూ ఒకేలా బుద్ధిమంతులైతే ఏ పిల్ల నమ్ముతుంది? ఒకరికైనా కోపం రావాలి.

కూతగాడు
మాస్టారూ, నేను జిల్లా స్థాయిలో ఆడాను, ఇప్పుడు పిల్లల్ని ఆడిస్తున్నాను. మీ కథలో ఆట అయిపోయాక ఏం జరిగిందో ఉంది గానీ ఆట లేదు. సరదా ఉంటే గింటే కోర్టులోనే ఉండాలి కదా.

ఏడుగురే ఉన్న జట్టు ఎలా ఓడిపోతుందో చెప్తాను. ఒక్కరే బాగా కూతకు వెళ్తారు, మిగతావాళ్లు ఆమె మీదే ఆధారపడతారు. అవతలి జట్టు రెండు మూడు కూతలు చూసి ఆమె ఏ వైపు తిరుగుతుందో పట్టేస్తుంది. ఆమె అవుటయి బయట కూర్చుంటుంది. మనవాళ్లు అవతల ఒకరిని అవుట్ చేస్తే తప్ప మళ్లీ లోపలికి రాలేదు. ఇక కూతకు వెళ్లడమే తెలియని పిల్లలు వెళ్లాల్సి వస్తుంది. ఒక్కొక్కరే పోయి ఆలౌట్. అవతలి జట్టుకి అదనంగా 2 పాయింట్లు. అప్పుడు ఏడుగురూ తిరిగి వస్తారు, మళ్లీ అదే వరస. మొదటి సగంలో ఇలా రెండుసార్లు ఆలౌట్ అయితే 21–4 అవడం పెద్ద వింతేం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. గెలిచే జట్టులో ఎవరూ అవుట్ కారు కాబట్టి వాళ్ల కోర్టులో ఎప్పుడూ ఏడుగురు ఉంటారు. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నంతసేపూ కూతకు వెళ్లినవాళ్లకి బోనస్ గీత తెరిచే ఉంటుంది. అంటే ఓడిపోతున్న జట్టుకి ఎవరినీ ముట్టుకోకుండానే పాయింటు తెచ్చుకునే దారి ఉంది. ఆడపిల్లల కోర్టులో నడిగీత నుంచి 3 మీటర్లలో బాక్ లైన్, ఇంకో మీటరు లోపల బోనస్ గీత. ఆ గీత అవతల ఒక కాలు ఆనించి, అదే సమయంలో వెనక కాలు నేల మీద నుంచి లేపాలి. కూత ఆపకుండా తిరిగి రావాలి. దీనికి బలం అక్కర్లేదు, బక్కపిల్ల కూడా చెయ్యగలదు. మా దగ్గర ఎవరూ లెక్కచెయ్యని పిల్ల ఒకర్తి ఇలాగే వరసగా బోనస్‌లు తెచ్చింది. మ్యాచ్ ఓడిపోయాం, కానీ వ్యానులో ఊరు చేరేదాకా అదే ముచ్చట. మీ పిల్లాడి ప్రశ్నకి నా జవాబు ఇది.

టైటాన్స్_అభిమాని
సూపర్ ట్యాకిల్ కూడా పెట్టండి బ్రదర్! ముగ్గురే మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే 3 పాయింట్లు. ఓడే జట్టుకి అదే పండగ. ఓటమి గురించి మమ్మల్ని అడగాలి. ప్రో కబడ్డీ 2021–22 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడితే తెలుగు టైటాన్స్ గెలిచింది ఒక్కటి. తర్వాతి సీజన్‌లో రెండు. అయినా మా వాడు ఆ జెర్సీ విప్పడు.

కూతగాడు
మూడు కాదు తమ్ముడూ. ట్యాకిల్‌కి 1, అదనంగా 1, మొత్తం 2. పైగా మా మండల పోటీల్లో ఆ రూలు పెట్టరు. మాస్టారు రాసేది మట్టి కోర్టు కథ, బోనస్‌తోనే సరిపెట్టుకుంటే మంచిది. ఒకటి గుర్తుంచుకోండి, బోనస్‌కి పాయింటే వస్తుంది, బయట కూర్చున్నవాళ్లు తిరిగి రారు.

పలక_బలపం
ఇది బాగుంది. అయితే 5 నిమిషాల విరామంలో వాళ్లే ఒక పందెం వేసుకుంటారు: రెండో సగంలో ఒక్కసారికి మించి ఆలౌట్ కాకూడదు, ప్రతి పిల్లా ఒక్కసారైనా కూతకు వెళ్లాలి. రెండో సగం 14–11. మొత్తం మీద అదే 35–15.

కథల_అత్తయ్య
నాకు ఇక్కడ అభ్యంతరం ఉంది. ఇది ఓడిపోవడం నేర్చుకోవడం కాదు, ఇంకో స్కోరుబోర్డు పెట్టుకుని అందులో గెలవడం. 14–11 అనగానే పిల్లలు "ఇంకొంచెం సేపుంటే గెలిచేవాళ్లే" అనుకుంటారు. ప్రతి పిల్లా కూతకు వెళ్లాలన్న పందెం ఉంచండి, అంకెలు తీసేయండి.

కూతగాడు
అంకెలు తీసేస్తే ఆడే పిల్లలు ఒప్పుకోరు అత్తయ్యగారూ. వాళ్లు మొదట అడిగేదే "ఎంతకెంత?" అని.

కథల_అత్తయ్య
అడగనివ్వండి. సరే, అది మాస్టారి ఇష్టం. "గెలుపోటములు సహజం" అన్న మాట మాత్రం తీసెయ్యాలి. ఆ మాట వినగానే మా మనవడు లేచి మంచినీళ్లకి వెళ్తాడు.

సిరి_వాళ్లమ్మ
నేను వేరే సంగతి అడిగానని తెలిసింది లెండి. ఒక సలహా ఇవ్వనా? అంపైర్ చూడకపోయినా "నన్ను ముట్టుకుంది సార్" అని ఒక పాప నిజం చెప్పి బయటికి వెళ్లిపోతే బాగుంటుంది కదా.

కూతగాడు
కబడ్డీలో గొడవలన్నీ ఇక్కడే అమ్మా. వేలి కొస తగిలినా, చొక్కా అంచు తగిలినా అవుటే. మట్టి కోర్టులో అది అంపైర్‌కి కనపడకపోవచ్చు. తగిలిన పిల్లకి మాత్రం తెలుస్తుంది. కానీ ఓడే జట్టు పిల్ల చేత నిజం చెప్పిస్తే "నిజం చెప్పారు కాబట్టే ఓడిపోయారు" అనిపిస్తుంది. గెలిచే జట్టు పిల్ల చేత చెప్పించండి. 30 పాయింట్లు దాటాక వాళ్లకి పోయేదేమీ లేదు, అందుకే నిజంగానే చెప్తారు కూడా. నేను చూశాను.

పలక_బలపం
కొత్త ముక్క ఇదిగో: "ముగ్గురే మిగిలారు. నాగవేణి బయట కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. ఎవరి మొహం చూడటం లేదు. కూతకు వెళ్లడానికి చిట్టి లేచింది. అవతలి జట్టులో పొడుగు జడ అమ్మాయి చెయ్యెత్తి 'ఇందాక నన్ను ముట్టుకుంది సార్, నేను అవుట్' అని గీత దాటి వెళ్లిపోయింది. అంతకుముందే వాళ్లలో ఒకరు అవుట్. చిట్టి 'కబడ్డీ కబడ్డీ' అంటూ వెళ్లి, బోనస్ గీత అవతల మునివేళ్లు ఆనించి, వెనక కాలు గాల్లోకి లేపింది. తిరిగొచ్చి బొటనవేలు ఎత్తి చూపించింది."

కూతగాడు
కోపం బాగా వచ్చింది, కానీ రెండు తప్పులు మాస్టారూ. పొడుగు జడ అమ్మాయి అవుటయితే బయటున్న నాగవేణి లోపలికి రావాలి, మొదట అవుటైనవాళ్లే మొదట వస్తారు. రెండోది, అప్పటికి అవతల ఇద్దరు బయట ఉన్నారు కాబట్టి మిగిలింది ఐదుగురే. చిట్టికి బోనస్ రాదు.

టైటాన్స్_అభిమాని
అయ్యో, పాపం చిట్టి.

కథల_అత్తయ్య
దాన్ని దిద్దకండి! అంపైర్ పాయింట్ ఇవ్వలేదనే రాయండి. ఎందుకివ్వలేదో అప్పుడే లోపలికొచ్చిన నాగవేణి చేత చెప్పించండి. ఏడుపు మొహంతో "ఐదుగురే ఉన్నారే పిచ్చిదానా" అంటుంది, చిట్టి ఎత్తిన వేలు అలాగే ఉంచి వాళ్లని లెక్కపెడుతుంది. మీ పిల్లాడు ఇక్కడ నవ్వకపోతే అప్పుడు అడగండి.