అలోప్యూరినాల్ మొదలుపెట్టిన మూడో వారంలోనే గౌట్ నొప్పి – మాత్ర ఆపేయాలా?

వేణు
నాన్నగారికి 58 ఏళ్లు. ఏడాదిలో మూడుసార్లు గౌట్ నొప్పి వచ్చింది. పోయినసారి యూరిక్ యాసిడ్ 9.2 ఉంటే డాక్టరుగారు రోజుకో అలోప్యూరినాల్ 300 మి.గ్రా. రాశారు, ఇంకేమీ రాయలేదు. వేసుకోవడం మొదలుపెట్టి ఇవాళ్టికి 19 రోజులు. నిన్న అర్ధరాత్రి నుంచి కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయింది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. నొప్పి తగ్గుతుందేమోనని పొద్దున ఆయనంతట ఆయనే రెండు అలోప్యూరినాల్ మాత్రలు వేసేసుకున్నారు. ఏమీ తగ్గలేదు. ఇవాళ రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 6.1 వచ్చింది. నార్మలే కదా, మరి ఇది గౌటేనా? మాత్ర పడట్లేదని ఆపేయాలా? ఇంట్లో కోల్చిసిన్ 0.5 మి.గ్రా. మాత్రలున్నాయి. క్రియాటినిన్ 1.5. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతారు. షుగర్ లేదు.

రాంబాబు (ఫార్మసిస్టు)
నొప్పి ఉన్నన్నాళ్లూ అలోప్యూరినాల్ ముట్టుకోకూడదండి, మేం చదివింది అదే. ముందు ఆపేయండి. కోల్చిసిన్ గంటకొకటి చొప్పున, నొప్పి తగ్గేదాకానో విరేచనాలు పట్టేదాకానో వేయండి. నొప్పి పోయాక రెండు వారాలాగి అలోప్యూరినాల్ మళ్లీ మొదలుపెట్టొచ్చు.

డా. సుజాత
రాంబాబుగారూ, మీరు చెప్పినదాంట్లో సగం పాత పద్ధతి, సగం ప్రమాదం. నొప్పి మధ్యలో అలోప్యూరినాల్ కొత్తగా మొదలుపెట్టొద్దని చాలాకాలం చెప్పేవారు, నిజమే. ఇప్పుడు ఆ పట్టింపు కూడా సడలింది. కానీ అప్పటికే వాడుతున్నవాళ్లను ఆపమని కాదు దానర్థం. ఆపితే యూరిక్ యాసిడ్ మళ్లీ పైకెక్కుతుంది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ దిగుతుంది. ఎక్కినా దిగినా కీలుకు కుదుపే.

వేణుగారూ, ఇది మందు పడకపోవడం కాదు, పనిచేస్తున్న గుర్తు. ఏళ్లతరబడి కీలు లోపల యూరేట్ స్ఫటికాలు గోడమీది సున్నంలా పెచ్చుకట్టి ఉంటాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ ఒక్కసారిగా పడిపోతే ఆ పెచ్చు కరగడం మొదలై, వదులైన ముక్కలు కీలులోకి రాలతాయి. తెల్లకణాలు వాటిమీద పడటమే ఈ వాపు. ఒకేసారి 300తో, పైగా కోల్చిసిన్ తోడు లేకుండా మొదలుపెట్టారు కాబట్టి ఇది ఊహించదగ్గదే.

రెండు మాత్రలు వేసుకున్నా నొప్పి తగ్గకపోవడంలో వింతేమీ లేదు. అలోప్యూరినాల్ కొత్తగా యూరిక్ యాసిడ్ తయారవకుండా చూస్తుంది, అంతే. వాపుమీద దానికి పట్టు లేదు. రేపటినుంచి మళ్లీ ఒకటే.

6.1 చూసి మోసపోవద్దు. మాత్రవల్ల కొంత తగ్గి ఉంటుంది, దానికితోడు నొప్పి రోజుల్లో రక్తంలో అంకె మామూలుగానే కిందికి జారుతుంది. అసలు అంకె తెలియాలంటే నొప్పి పూర్తిగా పోయాక రెండు మూడు వారాలకు చేయించండి. ఒక్కటి మాత్రం చూడండి: గట్టి జ్వరం, చలి ఉంటే అది కీలులో చీము కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సుధీర్
నాకూ 8.1 ఉంది మేడమ్, హెల్త్ చెకప్‌లో బయటపడింది. నొప్పి ఎప్పుడూ రాలేదు. నేనూ ఇప్పుడే 300 వేసుకోవడం మొదలుపెట్టనా, లేక 100 చాలా?

డా. సుజాత
సుధీర్‌గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది గౌట్ గురించి, మీకున్నది రిపోర్టులో ఒక అంకె. నొప్పి, రాళ్లు, గడ్డలు ఏవీ లేకుండా 8.1 ఉన్నంతమాత్రాన మందు అక్కర్లేదు. అలాంటివాళ్లలో చాలామందికి ఎప్పటికీ గౌట్ రాదు. మందుకు మాత్రం దాని ప్రమాదాలు దానికున్నాయి.

రాంబాబు (ఫార్మసిస్టు)
అలోప్యూరినాల్ సంగతి ఒప్పుకుంటున్నా. మరి కోల్చిసిన్ గంటకొకటి ఏం తప్పు? పాత చీటీల్లో ఇప్పటికీ అలాగే వస్తోంది.

ప్రణీత్ (రుమటాలజీ)
ఆ పద్ధతి పోయిందండి. ఎక్కువ డోసునూ తక్కువ డోసునూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. నొప్పి తగ్గడంలో తేడా కనిపించలేదు, విరేచనాల్లో మాత్రం ఎక్కువ డోసు చాలా ముందుంది. ఇప్పుడు 0.5 మాత్రలతో అయితే మొదట రెండు, గంట తర్వాత ఒకటి, ఆరోజుకి అంతే. మర్నాటినుంచి నొప్పి తగ్గేదాకా పూటకొకటి, రోజుకు రెండు. నొప్పి మొదలైన 12 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది, 36 గంటలు దాటితే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

విరేచనాలు పట్టేదాకా అనే మాటలో ఇంకో మోసముంది. కోల్చిసిన్‌కు వైద్యపు డోసుకీ విషపు డోసుకీ మధ్య ఎడం తక్కువ. విరేచనాలు ఆ గీత దాటుతున్నామన్న మొదటి హెచ్చరిక, గమ్యం కాదు. ఎక్కువైతే మొదటిరోజు వాంతులు, విరేచనాలతో సరిపోయినట్టే ఉంటుంది. రెండు మూడు రోజులకు ఎముక మజ్జ, గుండె, కిడ్నీలు దెబ్బతినడం మొదలవుతుంది. మామూలుగా ఆసుపత్రిలో దొరికే విరుగుడు లేదు, డయాలసిస్‌తో బయటికి రాదు.

వేణుగారూ, కోల్చిసిన్ వేసేముందు ఒకటి చెప్పండి. నాన్నగారు ఇప్పుడు వేరే మందులేమైనా వాడుతున్నారా? యాంటీబయాటిక్, ఫంగస్ మాత్ర, గుండెకు డిల్టియాజెమ్, వెరాపమిల్ లాంటివి?

వేణు
మందులంటే బీపీ మాత్ర ఒక్కటే అనుకున్నాను. అడిగారు కాబట్టి గుర్తొచ్చింది, దగ్గుకి నాలుగు రోజులుగా క్లారిత్రోమైసిన్ 500 పూటకొకటి వేస్తున్నాం. కోర్సు రేపటితో అయిపోతుంది. ఇంకా కోల్చిసిన్ ఇవ్వలేదు.

ప్రణీత్ (రుమటాలజీ)
ఇవ్వకండి. కోల్చిసిన్‌ను శరీరం వదిలించుకునే రెండు దారులనూ క్లారిత్రోమైసిన్ మూసేస్తుంది, ఒకటి కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమ్, రెండోది కణాల్లోంచి బయటికి తోసే పంపు. కిడ్నీ మందగించినవాళ్లలో ఈ జంట ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. యాంటీబయాటిక్ అయిపోయిన మర్నాడే వేసేయొచ్చనీ కాదు, ఆఖరి మాత్ర తర్వాత 14 రోజులు లెక్కపెట్టండి. డిల్టియాజెమ్ లాంటివాటితో అయితే డోసు తగ్గించి నడపొచ్చు, క్లారిత్రోమైసిన్‌తో నేనైతే ఆ ప్రయత్నం కూడా చేయను.

రాంబాబు (ఫార్మసిస్టు)
ఈ రెండూ ఒకే చీటీలో వస్తే పట్టుకుంటాం. వేర్వేరు డాక్టర్లు, వేర్వేరు రోజులు అయితే మాకూ కనపడదు. సరే, కోల్చిసిన్ పోయింది, నొప్పిమాత్ర నాప్రోక్సెన్ ఇచ్చేస్తే?

డా. సుజాత
వాళ్ల నాన్నగారికి వద్దు. క్రియాటినిన్ 1.5 అంటే ఈ వయసులో కిడ్నీ పని, అంటే ఈజీఎఫ్‌ఆర్ అంకె, సుమారు 53. పైగా టెల్మిసార్టాన్, థయజైడ్ రెండూ ఉన్నాయి. వాటి మీద నాప్రోక్సెన్ పడితే మూడూ కలిసి కిడ్నీని కొట్టేస్తాయి, ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటే మరీ తొందరగా. షుగర్ లేదన్నారు, చీము అనుమానం లేదంటే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసోలోన్ 30 మి.గ్రా. పొద్దున టిఫిను తర్వాత అయిదు రోజులు నాకు నచ్చే దారి. అయిదు రోజులే కాబట్టి మెల్లగా తగ్గించే పని కూడా లేదు. ఒక్క కీలే వాచింది, చెయ్యి తిరిగిన డాక్టరు దొరికితే నేరుగా కీలులోకి సూది వేయించుకోవచ్చు. ఏదైనా కాలు చూసి రాయాల్సిందే, ఇవాళే తీసుకెళ్లండి. క్లారిత్రోమైసిన్ చీటీ కూడా పట్టుకెళ్లండి.

హిమబిందు
అసలు యూరిక్ యాసిడ్ తయారవకుండా ఆపడం ఎందుకు, మూత్రంలో పంపించేస్తే పోదా? ప్రోబెనిసిడ్ అనే మందుందిగా. గౌట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కిడ్నీ సరిగా వదలకపోవడమే కారణమని చదివాను.

ప్రణీత్ (రుమటాలజీ)
మీరు చదివింది నిజమే. కిడ్నీ వడగట్టిన యూరిక్ యాసిడ్‌లో చాలా భాగాన్ని తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఆ లాక్కునే ద్వారాన్ని ప్రోబెనిసిడ్ అడ్డుకుంటుంది. పూటకు 250 చొప్పున వారంపాటు ఇచ్చి, తర్వాత పూటకు 500కి పెంచుతారు. కానీ వదిలేదంతా మూత్రంలోంచే పోవాలి కదా, అక్కడే చిక్కు. రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం రాకపోతే, మూత్రం పులుపుగా ఉంటే, ఆ యూరిక్ యాసిడ్ రాయిగా కడుతుంది. అందుకే మొదటి నెలల్లో పొటాషియం సిట్రేట్ జోడించేవాళ్లున్నారు. రాళ్ల చరిత్ర ఉన్నవాళ్లకు ఇవ్వం. కిడ్నీ పని 50 కిందికి దిగితే పెద్దగా లాభముండదు, ఈయన ఆ అంచుమీదే ఉన్నారు. గుండెకు చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకునేవాళ్లలో ఆస్పిరిన్ దీనికి ఎదురు పనిచేస్తుంది. బెంజ్‌బ్రోమరోన్ దీనికన్నా బలమైనదే, కాలేయం దెబ్బతిన్న కేసులవల్ల 2003లో చాలా దేశాల్లో వెనక్కి తీసుకున్నారు.

ఈయనకి ఆ పని కొంచెం దొడ్డిదారిన చేయించొచ్చు. థయజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచే మందు. దాన్ని తీసేసి, టెల్మిసార్టాన్ బదులు లోసార్టాన్ పెట్టొచ్చు, ఈ సార్టాన్ మందుల కుటుంబం మొత్తంలో యూరిక్ యాసిడ్‌ను కాస్త బయటికి పంపేది అదొక్కటే. ప్రభావం చిన్నదే, కానీ ఎలాగూ వేసుకునే బీపీ మాత్రే కదా. బీపీ డాక్టరుగారితో మాట్లాడండి, మీరే మార్చేయకండి.

వేణు
సాయంత్రం చూపించాను. జ్వరం లేదు, ప్రెడ్నిసోలోన్ 30 అయిదు రోజులకు రాశారు. అలోప్యూరినాల్ 300 కొనసాగించమన్నారు. ఈ డోసు కిడ్నీకి ఎక్కువ కాదా?

ప్రణీత్ (రుమటాలజీ)
మొదలుపెట్టడానికి ఎక్కువే. ఈయనకైతే 100 లోపే మొదలుపెట్టాల్సింది, 50 అయినా సరే. నెలకోసారి పరీక్ష చేయించి 50, 100 చొప్పున పెంచుతూ, యూరిక్ యాసిడ్ 6 కిందికి దిగేదాకా పోవాలి. కిడ్నీ మందగిస్తే 300 దాటకూడదనే మాట ఇప్పుడు పట్టించుకోం, మెల్లగా ఎక్కితే దాటొచ్చు. ప్రమాదమంతా మొదటి మెట్టు ఎత్తులో ఉంది. నేనైతే ఇప్పుడైనా 100కి దించి మళ్లీ ఎక్కిస్తాను.

డా. సుజాత
నేను దించను. 19 రోజులు 300 మీద గడిచాయి, అంకె దిగింది. ఇప్పుడు దించితే అంకె పైకెక్కి, మళ్లీ ఎక్కించేటప్పుడు ఇంకో నొప్పి తెచ్చుకుంటాం. కానీ అలోప్యూరినాల్ ఎలర్జీ ఎక్కువగా వచ్చేది మొదటి ఎనిమిది వారాల్లోనే, ఇంకా అయిదు వారాలకు పైగా మిగిలింది. వేణుగారూ, స్నానం చేసేటప్పుడు వీపు, పొట్ట చూసుకోమనండి. దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, వీటిలో ఏది కనపడినా ఆరోజే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ప్రెడ్నిసోలోన్ వేసుకునే రోజుల్లో దద్దురు అణిగి ఉండొచ్చు, అది అయిపోయాక ఇంకా జాగ్రత్త.

ప్రణీత్ (రుమటాలజీ)
అందుకే దించుతానంటున్నాను మేడమ్. సరే, ఇక్కడ ఇద్దరం చెరో దారి.

వేణు
అయిదు రోజుల తర్వాత మళ్లీ నొప్పి రాకుండా కోల్చిసిన్ వాడాలన్నారు. అదెప్పటినుంచి?

డా. సుజాత
క్లారిత్రోమైసిన్ ఆఖరి మాత్ర తేదీ రాసుకోండి, దానికి 14 రోజులు కలపండి. ఆ రోజునుంచి 0.5 మి.గ్రా. రోజుకొకటే, ఆయన కిడ్నీకి రెండు వద్దు. మూడు నుంచి ఆరు నెలలు, అలోప్యూరినాల్‌తో పాటే. మధ్యలో మిగిలే ఎనిమిది తొమ్మిది రోజులకు ప్రెడ్నిసోలోన్ 5 మి.గ్రా. నడపాలా వద్దా అన్నది రాసిన డాక్టరుగారినే అడగండి. కోల్చిసిన్ వాడే నెలల్లో తొడలు, భుజాలు నీరసించి కుర్చీలోంచి లేవడం కష్టమైతే వయసు మీద తోసేయకుండా, కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే రక్తపరీక్ష చేయించండి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మొదలుపెడితే మరీనూ.

సుధీర్
నా 8.1కి అయితే ఏమీ వద్దంటారు. బీపీకి నేనూ ఆ థయజైడ్ మాత్రే వేసుకుంటున్నాను, పెరిగింది దానివల్లేనా?

రాంబాబు (ఫార్మసిస్టు)
కావచ్చు. వేసుకోవడం మొదలుపెట్టకముందు రిపోర్టు ఏమైనా ఉందా?