పేరా మొదటి వాక్యం వాదనగా ఉన్నా, లోపల మళ్లీ కథే వస్తోంది. ఎలా సరిచేయాలి?

'కన్యాశుల్కం' మీద వ్యాసం రాస్తున్నాను. గిరీశం నోట సంస్కరణ అనేది నమ్మకం కాదు, పనిముట్టు అన్నది నా వాదన.

మొదట ఒక పేరా "గిరీశం వెంకటేశంతో కలిసి అగ్నిహోత్రావధాన్ల ఇంటికి చేరి బుచ్చమ్మకు దగ్గరవుతాడు" అని మొదలైంది. ఇందులో ఎవరూ కాదనగలిగింది ఏమీ లేదు, ఇది జరిగిన సంగతి మాత్రమే. దాన్ని ఇలా మార్చాను: "వితంతు వివాహం గురించి గిరీశం చెప్పే మాటలు వినేవాళ్లను బట్టి మారతాయి." దీన్ని ఎవరైనా కాదనవచ్చు కాబట్టి నిరూపించాల్సిన పని నాకుంది. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా తర్వాతి పేరాలో. "గిరీశం మాటల అసలు విలువను బయటపెట్టేది సంస్కర్త కాదు, మధురవాణి" అని మొదలుపెట్టాను. కానీ ఆమె మగవేషంలో ఆ సంస్కర్త, సౌజన్యారావు పంతులు దగ్గరికి ఎందుకు వెళ్లిందో చెప్పబోతే లుబ్ధావధాన్ల కేసు, దొంగ పెళ్లి అన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. వాక్యాలన్నీ "తర్వాత", "అప్పుడు" అనే మాటలతోనే కలుస్తున్నాయి. "అందుకే", "అయినా" అన్నవి ఒక్కచోటా లేవు. నాకు ఇదే పెద్ద హెచ్చరికగా అనిపిస్తోంది.

నాటకం చదివినవాళ్లకే రాస్తున్నప్పుడు, ఆ సన్నివేశాన్ని ఒక్క ఉపవాక్యంలో గుర్తుచేసి నేరుగా సంభాషణ విశ్లేషణలోకి వెళ్లవచ్చా? సంస్కర్తకు తెలియనిది ఆమెకు ఎలా తెలిసిందన్న ప్రశ్న చుట్టూ పేరా నడిపితే సరిపోతుందా? ఇంకో సందేహం: ఈ చివరి అంకాన్ని వ్యాసంలో ముందే పెట్టి, తర్వాత బుచ్చమ్మ దగ్గరికి వెనక్కి రావచ్చా? సాహిత్య వ్యాసాలు రాసే అలవాటున్నవాళ్లు ఈ పేరాకు రెండో వాక్యం ఎలా రాస్తారో చూపిస్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు.