320 అని రాయాలా, 299 అని రాయాలా?

పద్మజ, తిరుపతి: గాంధీ రోడ్డులో మాకు చిన్న బట్టల కొట్టు ఉంది. నూలు కుర్తీ 320, చేతిపని కలంకారీ దుపట్టా 2,000. ధరలన్నీ తొమ్మిదితో ముగించి కుర్తీని 299 చేయమని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. చేయమంటారా?

రమణారెడ్డి, చిత్తూరు: వద్దమ్మా. తొమ్మిది వేయడమంటే కొనేవారి కళ్లు కప్పడమే. మొన్న ఒక పెద్ద కొట్టులో 499కి చొక్కా కొని అయిదు వందల నోటిస్తే, రూపాయికి బదులు చేతిలో చాక్లెట్ పెట్టారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

సుబ్రహ్మణ్యం: ఇరవై ఏళ్లుగా రెడీమేడ్ వ్యాపారంలో ఉన్నాను. ధర చదివేటప్పుడు ముందు మనసులో పడేది ఎడమ అంకె. 300ని 299 చేస్తే మూడు రెండవుతుంది, అక్కడ తొమ్మిది పనిచేస్తుంది. 350ని 349 చేస్తే మూడు మూడుగానే ఉంటుంది, ఫలితం దాదాపు ఉండదు.

ఇక మీ కుర్తీ. అది మీకు 240 పడుతుందనుకుందాం. 320కి అమ్మితే 80 మిగులుతుంది, వంద అమ్మితే ఎనిమిది వేలు. 299 చేస్తే మిగిలేది 59. అదే ఎనిమిది వేలు రావాలంటే 136 అమ్మాలి. ఇప్పటి ధర 300 అయి ఉంటే 102 అమ్మితే చాలేది. కాబట్టి మీ అబ్బాయి అడుగుతున్నది ఇరవై ఒక్క రూపాయల తగ్గింపు. దానికి తొమ్మిది అని పేరు పెట్టాడు, అంతే. నేనైతే ముందు 329 వేసి చూస్తాను. చివరి అంకె ఒక్కటే మారుతుంది, మిగులు 89 అవుతుంది. పది శాతం అమ్మకం తగ్గినా మీకు నష్టం లేదు.

లావణ్య: ఎడమ అంకె సంగతి నేను నమ్మను. బట్టల మీద 999 వేసేది పన్ను కోసం. వెయ్యి దాటితే 12 శాతం, లోపయితే 5.

సుబ్రహ్మణ్యం: ఆ హద్దు ఉన్న మాట నిజమే. కానీ సరిగ్గా వెయ్యి రూపాయల బట్టకు కూడా 5 శాతమే పడేది, పన్ను కోసం ఆ ఒక్క రూపాయి తగ్గించాల్సిన పని లేదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి హద్దు 2,500కి జరిగింది. అయినా 999 చీటీలు పోలేదు కదా.

వాసవి: మాది పూజా సామగ్రి కొట్టు. తొమ్మిది శుభమా కాదా అన్నదే అడుగుతున్నారా? మేము కానుక బుట్టలు 116కి, 516కి పెడతాం.

రమణారెడ్డి: నా రూపాయి గురించి ఎవరూ మాట్లాడరేమి?

కిరణ్: ఇప్పుడందరూ ఫోనుతోనే చెల్లిస్తున్నారు కదండీ.

రమణారెడ్డి: అందరూనా? కొండకు వచ్చే పల్లెటూరి పెద్దవాళ్లు కొంగున ముడి విప్పి నోట్లు తీయడం మీరు చూడలేదా? వాళ్ల రూపాయి ఎవరు మింగినట్టు?

సుబ్రహ్మణ్యం: రూపాయి తిరిగివ్వకపోవడం ఆ కొట్టువాడి తప్పు. ధర చీటీని తిట్టి ఏం లాభం? ఒక్క చాక్లెట్ పట్టుకుని రోజంతా వాదిస్తున్నారు!

రమణారెడ్డి: చాక్లెట్ గొడవ కాదు, నా కడుపుమంట! మాది పట్టుచీరల కొట్టు. మీలాంటివారి మాట విని ఆరు వేల చీరకు 5,999 చీటీ కట్టాను. ఆరు వేలంటే అయిదున్నర వేలకు తెగే బేరం, 5,999 చూశాక అయిదు వేల దగ్గర మొదలైంది. ఒకావిడ జరీ అంచు గోటితో గీకి, "తగ్గింపు సరుకా?" అని అడిగింది. మా నాన్న పెట్టిన కొట్టు అది.

సుబ్రహ్మణ్యం: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కోపంగా మాట్లాడాను, మన్నించండి. మీది బేరం కొట్టు. చీటీ మీద ధర చివరి ధర కానప్పుడు తొమ్మిదికి పనే లేదు. నేను చెప్పింది చీటీ చూసి డబ్బులిచ్చి వెళ్లే కొట్టుకే. చేతిపనికీ అది నప్పదు. పద్మజగారూ, కలంకారీని 2,000 దగ్గరే ఉంచండి. కలం పట్టి గీసిన దుపట్టాకు 1,999 వేస్తే అది మిల్లు అచ్చు సరుకులా కనిపిస్తుంది.

రమణారెడ్డి: అక్కడ మాత్రం ఒప్పుకుంటాను. 329 మాత్రం ఇప్పటికీ నాకు నచ్చదు.

లావణ్య: 329 వేస్తే ఇప్పటికే కొంటున్నవారు పసిగట్టరా?

సుబ్రహ్మణ్యం: మళ్లీ మళ్లీ వచ్చేవారు పసిగడతారు. అందుకే కొత్తగా వచ్చిన రంగులతో మొదలుపెట్టమంటాను. పాత ధర ఎవరికీ తెలియని సరుకు మీదే తొమ్మిది బాగా పనిచేస్తుంది. రెండు వారాలు 329, రెండు వారాలు 320 పెట్టి మిగులు లెక్క రాయండి. బ్రహ్మోత్సవాల రోజులు అందులో కలపకండి, అప్పుడు ఏ ధరకైనా జనం ఉంటారు.

పద్మజ: మావిడాకు రంగు కుర్తీలు నిన్ననే దిగాయి, వాటికి 329 కడుతున్నాను. రమణారెడ్డిగారూ, రూపాయి నాణేల సంచి బ్యాంకు నుంచి తెప్పించి గల్లా పక్కన పెట్టాను. కానీ మా దుపట్టాల దగ్గర కూడా సగం మంది బేరమాడతారు. 2,000 మీద ఎంత వరకు దిగాలో మాత్రం నాకింకా తేలలేదు.