అమ్మ కంట్లో కొత్తగా నల్ల వలయం, మెరుపులు: నెల దాకా ఆగొచ్చా?

మాది కావలి. అమ్మకు 63 ఏళ్లు, మైనస్ 5 పవర్. తెల్లగోడ వైపు చూస్తే సన్నటి పోగులు తేలడం ఆమెకు ఏళ్ల నుంచీ అలవాటే. మొన్న మాత్రం కుడికంట్లో ఉన్నట్టుండి నల్లటి వలయం కనిపించింది. చీకట్లో కన్ను తిప్పితే పక్కన మెరుపులు. వెంటనే నెల్లూరు తీసుకెళ్లాం.

చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక చూశారు. వయసుతో కంటి లోపలి జెల్ నీరుగారి, కుంచించుకుని, రెటీనా నుంచి విడిపోయిందట. ఆ వలయం, జెల్ కంటినరం చుట్టూ అతుక్కుని ఉన్న చోటిదట. రెటీనా చిరగలేదు, నెల తర్వాత రమ్మన్నారు. నల్లచుక్కలు గుంపుగా రాలినా, పక్క నుంచి నీడ కమ్మినా ఆ రోజే రావాలన్నారు.

మెరుపులు ఇంకా ఆగలేదు. అంటే జెల్ ఇంకా ఎక్కడో రెటీనాను లాగుతోందనా? మైనస్ పవర్ వాళ్లకు చిరిగే ముప్పు ఎక్కువ కదా, ముందే ఇంకోసారి చూపించాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.