డిసర్టేషన్ టాపిక్: వంద మంది రైతులా, ఒక్క చెరువా?

అడిగింది: కళ్యాణదుర్గం అబ్బాయి, యూకేలో ఎమ్మెస్సీ జీఐఎస్

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో వచ్చాను. రెండు వారాల్లో డిసర్టేషన్ ప్రపోజల్ ఇవ్వాలి. నేను అనుకున్న టాపిక్ 'అనంతపురం జిల్లా రైతుల జీవనంపై వాతావరణ మార్పుల ప్రభావం'. జూన్‌లో ఇంటికి పోయి మా ఊరి చుట్టుపక్కల వంద మంది రైతులతో మాట్లాడాలని ప్లాన్. సెప్టెంబరు 5న సబ్మిషన్. వారానికి మూడు రోజులు పార్ట్‌టైమ్ ఉంది. గైడ్‌కు చెప్తే 'ఇంట్రెస్టింగ్' అన్నారు, అంతే. బాగుందన్నట్టా, బాగాలేదన్నట్టా? టెన్షన్‌గా ఉంది.

తాడిపత్రి అన్న, మాంచెస్టర్

ఇంటర్వ్యూల జోలికి పోవద్దు బ్రదర్. సెకండరీ డేటా తీసుకుంటే ఎథిక్స్ గొడవే ఉండదు. గ్రేస్ శాటిలైట్ డేటా ఫ్రీగా దొరుకుతుంది, అనంతపురం భూగర్భజలాలు ఎంత తగ్గాయో గ్రాఫ్ గీసి పారేయ్. నెల పని.

ధర్మవరం అక్క, పోయినేడాది ఇదే కోర్సు అయిపోయింది

తమ్ముడూ, మన దగ్గర 'ఇంట్రెస్టింగ్' అంటే మెచ్చుకోలు. ఇక్కడ గైడ్ ఆ ఒక్క మాట అని ఊరుకున్నారంటే టాపిక్ ఇంకా చేతికి చిక్కేంత చిన్నది కాలేదని అర్థం చేసుకో.

ముందు నీ లెక్క చూద్దాం. ఒక్కో రైతుతో అరగంట మాట్లాడినా వంద మందికి యాభై గంటల రికార్డింగ్. గంట ఆడియో విని కాగితం మీద పెట్టడానికి తక్కువలో తక్కువ ఐదు గంటలు పడుతుంది, అంటే 250 గంటలు. వారానికి నలభై గంటలు కూర్చున్నా ఆరు వారాలు దానికే పోతాయి. ఇంగ్లీషులోకి మార్చడం ఇంకా మొదలే కాలేదు. పైగా ఎథిక్స్ అప్రూవల్ చేతికి రాకముందు ఒక్క రైతుతో మాట్లాడినా ఆ డేటా పనికిరాదు. అప్రూవల్‌కు వారాలు పడుతుంది. అది వచ్చి నువ్వు ఊరికి చేరేసరికి జూలై. వాన పడితే చెనిక్కాయ విత్తనం వేసే రోజులవి. గొర్రు కట్టినాయన నీ ప్రశ్నలకు కూర్చుంటాడా? పదును ఆరిపోతుందని వాళ్ల తొందర వాళ్లది.

అందుకే తేదీలు వెనక నుంచి లెక్కపెట్టు. సెప్టెంబరు 5 సబ్మిషన్. ఆగస్టులో గైడ్లు చాలామంది సెలవు మీద పోతారు కాబట్టి ఆయన చదవాల్సింది జూలై ఆఖరులోపే ఆయనకు చేరాలి. అంటే అప్పటికి రిజల్ట్స్ ఉండాలి, జూన్ ఆఖరుకు డేటా మొత్తం నీ లాప్‌టాప్‌లో ఉండాలి. జూన్ ఆఖరుకు చేతిలో ఉండదని తెలిసిన డేటా మీద ఆధారపడే టాపిక్ ఎంత మంచిదైనా ఇప్పుడే వదిలెయ్. పీహెచ్‌డీలో చేసుకోవచ్చు.

తాడిపత్రి అన్న చెప్పింది సగం కరెక్టే. సెకండరీ డేటా మంచిదే, కానీ చాలా యూనివర్సిటీల్లో దానికీ చిన్న ఎథిక్స్ ఫారం నింపాలి, గైడ్‌ను అడుగు. గ్రేస్ మాత్రం వద్దు. అది ఒక చూపులో పట్టేది సుమారు 300 కిలోమీటర్ల మేర, అంటే 90 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి జిల్లా మొత్తం కలిపినా 19 వేలే. గ్రాఫ్ బ్రహ్మాండంగా వస్తుంది, అందులో సగానికి పైగా కర్ణాటక, పక్క జిల్లాల నీళ్లు కలిసి ఉంటాయి. వైవాలో మొదటి ప్రశ్న అదే.

ఇట్లా డేటా సైజుకు, టాపిక్ సైజుకు పొంతన లేక నేనూ దెబ్బతిన్నాను, అది చెప్తాను. నా మొదటి టాపిక్ పంట కుంటలు. మన చేలల్లో తవ్విన ఫారం పాండ్లలో ఎన్నిట్లో నీళ్లున్నాయో సెంటినెల్-2 శాటిలైట్ ఫోటోల్లో లెక్కపెడతానని ప్రపోజల్ రాశాను. గైడ్ ఒప్పుకున్నారు. మూడు వారాలు కోడ్ రాశాను. ఒకరోజు మా మామకు వీడియో కాల్ చేసి ఆయన కుంట చూపించమన్నాను. ఆయన పంచె పైకి కట్టుకుని కుంటలోకి దిగి, 'ఇదో, మోకాళ్ల దాకా ఉండాయి' అని చేత్తో నీళ్లు కొట్టి చూపించాడు. నా స్క్రీన్ మీద అదే వారం తీసిన ఫోటోలో ఆ చోట ఎర్రమట్టి రంగు తప్ప ఏమీ లేదు.

కారణం చాలా చిన్నది. ఆ కుంట పది మీటర్లకు పది మీటర్లు. సెంటినెల్-2 లో ఒక గడి కూడా అంతే. కానీ కుంట సరిగ్గా గడిలో కూర్చోదు కదా, నాలుగు గడుల మీద పడుతుంది. ఒక్కో గడిలో పావు వంతు నీళ్లు, మిగతాది గట్టు మట్టి. చూసేవాడికి నాలుగూ మట్టిగడులే. ఇది మొదటి రోజు ఒక్క కుంటతో పరీక్షించి ఉంటే ఆ మధ్యాహ్నమే తెలిసేది. మూడు వారాలు పోయాక తెలిసింది. అప్పుడు జూలై.

తర్వాత చెరువులకు మారాను. నీకూ అదే చెప్తాను, కానీ నాకంటే చిన్నగా. ఒక్క చెరువు తీసుకో, బుక్కపట్నం చెరువు అనుకుందాం. 2019 నుంచి 2024 వరకు వానాకాలం అయ్యాక ఏటా ఆ చెరువులో నీళ్లు ఎంత మేర పరచుకున్నాయి, అది ఆ ఏటి వానతో ఎంతవరకు కలుస్తుంది అనేది ప్రశ్న. వినడానికి చప్పగా ఉంటుంది. మంచిదే.

ప్రపోజల్ రాసే ముందు రెండు రోజులు ఇది చెయ్. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో చెరువు చుట్టూ గీత గీసి దానికి `cheruvu` అని పేరు పెట్టి, ఒక్కో ఏడాదికి ఎన్ని ఫోటోలు దొరుకుతాయో లెక్కపెట్టు.

```
var s2 = ee.ImageCollection('COPERNICUS/S2_SR_HARMONIZED')
  .filterBounds(cheruvu)
  .filterDate('2019-11-15', '2020-01-15')
  .filter(ee.Filter.lt('CLOUDY_PIXEL_PERCENTAGE', 20));
print(s2.size());
```

తేదీలు మార్చి ఆరు సార్లు నడుపు. ఏ ఏడాదికైనా సున్నా వస్తే టాపిక్ అక్కడే కుంటుతుంది. ఆగస్టు, సెప్టెంబరు ఫోటోల కోసం ఆశపడకు, మబ్బులే కనిపిస్తాయి. నవంబరు మధ్య నుంచి తీసుకోమంది అందుకే.

రెండో రోజు ఒకే ఒక్క ఫోటో తీసుకుని నీళ్లు విడదియ్.

```
NDWI = (B3 - B8) / (B3 + B8)
```

B3 అంటే ఫోటోలో ఆకుపచ్చ వెలుగు, B8 అంటే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. సున్నా కంటే ఎక్కువ వస్తే నీళ్లు అని మొదలుపెట్టు. ఆ సున్నాను కాస్త పైకీ కిందికీ జరిపి చూడు. విస్తీర్ణం పెద్దగా మారకపోతే ధైర్యంగా ముందుకు పో. బాగా మారిపోతోందంటే చెరువు అంచుల్లో సర్కారు తుమ్మో, తూడో ఉందన్నమాట. చెట్ల కింద నీళ్లున్నా ఈ లెక్కకు అవి ఆకులుగానే కనిపిస్తాయి. అప్పుడు గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు పక్కన పెట్టి కంటితో సరిచూడు. ఎక్కడ తప్పుతుందో రాయి, దానికీ మార్కులున్నాయి.

వానకు చిర్ప్స్ డేటా చాలు, అది కూడా ఎర్త్ ఇంజిన్‌లోనే ఉంది. చెరువు మీద పడిన వాన కాదు, చెరువులోకి నీళ్లు వచ్చే పైప్రాంతం మొత్తం మీద పడిన వాన తీసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఇంకొక్కటి. జిల్లా లెక్కలు ఏవైనా పక్కన పెట్టుకుంటే 2022 ఏప్రిల్ 4 గుర్తుంచుకో. ఆ రోజు జిల్లా రెండైంది. తర్వాతి 'అనంతపురం' పంట విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. అది కరువు కాదు, పుట్టపర్తి వైపు మండలాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి దాని మీద ఒక చాప్టరే రాసేశాడు.

కర్నూలు అతను, డాలస్

మాకు థీసిస్ ఆప్షన్, నాన్-థీసిస్ ఆప్షన్ అని రెండుంటాయి. నాన్-థీసిస్ తీసుకుని రెండు కోర్సులు చేసెయ్, ఈ తలనొప్పే ఉండదు. నేను అట్లాగే చేశాను, చదువయ్యాక ఉద్యోగానికిచ్చే ఓపీటీకి ఏ ఇబ్బందీ రాలేదు.

ధర్మవరం అక్క

అన్నా, ఇతను యూకేలో ఉన్నాడు. ఇక్కడ ఒక్క ఏడాది ఎమ్మెస్సీ, ఇతని కోర్సులో డిసర్టేషన్ తప్పదు.

తమ్ముడూ, పార్ట్‌టైమ్ అన్నావు కదా, క్లాసులు అయిపోయాక ఎక్కువ గంటలు చేసుకోవచ్చని అనుకోకు. మాస్టర్స్‌లో డిసర్టేషన్ నెలలు కూడా మామూలుగా టర్మ్ కిందే లెక్క, వారానికి ఇరవై గంటలే. మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు.

అనంతపురం నుంచి, రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరు, ప్రస్తుతం కొడుకు దగ్గర రీడింగ్‌లో

అమ్మా, నువ్వు రాసింది చదివాను, బాగుంది. కానీ ఒకటి వదిలేశావు. బుక్కపట్నం చెరువుకు వాన ఒక్కటే ఆధారమా? మాల్యాల దగ్గర శ్రీశైలం వెనుక నీళ్లు ఎత్తి హంద్రీ-నీవాలో జీడిపల్లి దాకా తెస్తున్నారు. అక్కణ్ణుంచి కిందకు పోయిన నీళ్లతో చెరువులు నింపుతున్నారు. వాన లేని ఏడు కూడా చెరువు నిండుగా కనిపిస్తే ఆ పిల్లాడు ఏం రాస్తాడు? వానకు, చెరువుకు సంబంధం లేదని రాస్తాడు. మరవ పారిందంటే పైన వాన పడింది అనుకునే కాలం పోయిందమ్మా.

ధర్మవరం అక్క

సార్, నిజమే. నా రిపోర్టులో ఒక ఏడాది చుక్క మిగతావాటికి దూరంగా పడింది. నేను దాన్ని 'అవుట్‌లయర్' అని రాసి వదిలేశాను. ఇప్పుడు చూస్తే అది కాలువ నీళ్లే అయి ఉంటుంది. ఏ చెరువుకు ఎప్పుడు ఎన్ని నీళ్లు వదిలారో లెక్క దొరుకుతుందా?

రిటైర్డ్ ఇంజనీరు

ఆఫీసులో రిజిస్టరు ఉంటుంది. ఈ పిల్లాడికి జూన్ లోపల చేతికి వస్తుందా అంటే చెప్పలేను. దానికంటే కాలువ నీళ్లు అసలు రాని చెరువు ఒకటి పక్కన పెట్టుకోమను. రెండు చెరువులు, దేని వానతో దాన్ని పోల్చాలి. ఒకటి వానతో పాటు పెరిగి తగ్గి, ఇంకొకటి అట్లా కాకపోతే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అట్లాంటి చెరువు ఏదో నీరుగంటి వాళ్లను అడిగితే చెప్తారు. కళ్యాణదుర్గం వైపు చూడమను.

తాడిపత్రి అన్న, మాంచెస్టర్

అంటే ఇప్పుడు టాపిక్ మళ్లీ రెండింతలైంది కదా సార్?

ధర్మవరం అక్క

ఒక్క చెరువుకు రాసిన కోడే రెండో దానికీ నడుస్తుంది అన్నా, గీత మార్చాలంతే. మూడోది, నాలుగోది అంటే మాత్రం నేను ఒప్పుకోను. కాలువ రాని చెరువు ప్రపోజల్ లోపల దొరక్కపోతే ఒక్క బుక్కపట్నంతోనే ఇచ్చెయ్ తమ్ముడూ. అప్పుడు 'వానతో సంబంధం' అనే మాట టైటిల్ నుంచి తీసేసి, 'ఏటేటా మార్పు' అని పెట్టు. నీళ్లు ఎక్కడివో నిరూపిస్తానని మాత్రం రాయకు.

కళ్యాణదుర్గం అబ్బాయి, నాలుగు రోజుల తర్వాత

అక్కా, కోడ్ ఆరు ఏళ్లకూ నడిపాను. మిగతా అన్ని ఏళ్లకూ ఫోటోలు వచ్చాయి. 2021కి మాత్రం మబ్బు తక్కువ ఉన్నవి డిసెంబరువే. ఆ నవంబరులో మన వైపు పడిన వానలు గుర్తున్నాయి కదా. అందుకని అన్ని ఏళ్లకూ డిసెంబరు ఫోటోలే తీసుకుందామనుకుంటున్నా, సరేనా?

రెండో చెరువు కోసం నాన్నకు ఫోన్ చేశాను. మా ఊరి చెరువుకు ఏ కాలువా రాదన్నాడు. స్క్రీన్ మీద చూస్తే చెరువు నిండా పచ్చగా ఉంది. గడ్డా, తుమ్మ చెట్లా అని అడిగితే, 'రేపు పొద్దున పోయి చూసొస్తా' అన్నాడు.