కుళాయి దగ్గర "అపా": కథలో ఈ మాట ఎలా రాయాలి?

లలిత (మర్రిపాలెం):

మా అమ్మాయి క్లాసు పిల్లల గోడపత్రిక కోసం చిన్న కథ రాశాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ముందు కథ చదవండి.

"సస్మిత ఐదో తరగతిలో కొత్తగా చేరింది. వాళ్ళ నాన్నకి రైల్వేలో బదిలీ. మొదటిరోజు 'మీది ఏ ఊరు?' అని అడిగితే 'పురి' అంది. క్లాసంతా 'పూరీ! పూరీ!' అని నవ్వారు. మర్నాటికి అదే పేరైపోయింది. సస్మిత ఏమీ అనలేదు. మధ్యాహ్నం డబ్బా మూత సగమే తీసి, ఆ సందులోంచి తినేది.

రెండో వారంలో ఓ రోజు కుళాయి దగ్గర ఏడో తరగతి అమ్మాయి సీసా నింపుకుంటోంది. సస్మిత వెనక నిలబడి 'అపా, పాణి' అంది. పక్కనే ఉన్న దుర్గ గిర్రున తిరిగింది. 'మా అప్పని నువ్వూ అప్ప అంటున్నావేంటి?' సస్మితకి అర్థం కాలేదు. తప్పు చేశాననుకుని, పెద్దమ్మాయిని చూపించి మళ్ళీ మెల్లిగా 'అపా' అంది. దుర్గ 'అప్ప' అంది. 'అపా.' 'అప్ప.' దుర్గ పెదాలు గట్టిగా మూసి తెరిచి చూపించింది. 'అప్ప!' 'నిలు' అంది సస్మిత, సీసా చాపుతూ. ఆ మాట ఆ రోజే నేర్చుకుంది.

మరో వారానికి దుర్గ పక్కన కూర్చుని 'మో సాంగ హెబు?' అని అడిగింది. పాట అడుగుతోందనుకుని దుర్గ ప్రార్థన గీతం అందుకుంది. సస్మిత తల అడ్డంగా ఊపి, చిటికెన వేలు ముందుకు చాపింది. 'ఓ, జట్టా!' అంది దుర్గ."

కథ చదివిన ఒకావిడ "అప్ప తీసేసి అక్క పెట్టు, బయటి వాళ్ళకి అర్థం కాదు" అన్నారు. మా ఇళ్ళలో అక్కని అప్ప అనే అంటాం. సస్మితది ఒడియా, వాళ్ళు అక్కని అపా అంటారు. మన అప్ప ఆ ఒడియా మాట నుంచి వచ్చిందా? తీసేయాలా?

రమణ:

ఒడియా నుంచే వచ్చిందండీ, అనుమానం లేదు. 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా కోరాపుట్ మన విశాఖ జిల్లాలోనే ఉండేది. శతాబ్దాల రాకపోకలు. అపా మన నోట్లో అప్ప అయింది.

సత్యారావు మాస్టారు:

రమణా, రాకపోకల సంగతి నిజమే. కానీ దాన్ని బట్టి ఈ మాట అటు నుంచి వచ్చిందని తేల్చలేం. "అప్ప ఆర్భాటమేగాని బావ బతికింది లేదు" అనే సామెత మన జిల్లాలకి మాత్రమే చెందింది కాదు. అందులో బావ ఉన్నాడు కాబట్టి అప్ప అంటే అక్కే, తండ్రి కాదు. "అప్పచెల్లెళ్ళు" అనే మాట కూడా పుస్తకాల్లో ఉంది. అంటే తెలుగులో ఈ అర్థం చాలాచోట్ల ఉండేదే. మిగతావైపు అక్క దాన్ని పక్కకు నెట్టింది, మనవైపు నిలిచింది. కథలో తీసేయకమ్మా లలితా. ఆ మాట లేకపోతే దుర్గ వెనక్కి తిరగడానికి కారణమే ఉండదు.

హరి (అనంతపురం):

నాకైతే మొదటిసారి చదివినప్పుడు దుర్గ వాళ్ళ నాన్న కుళాయి దగ్గరికి వచ్చాడనిపించింది! మా వైపు అప్ప అంటే నాన్న. పెద్దమ్మాయి అని ముందే ఉన్నా, కన్ను ఆ మాట మీదే ఆగింది.

లలిత:

హరి గారూ, అది నాకు తట్టలేదు. మాట తీయకుండా ఎలా సరిచేయాలి?

సత్యారావు మాస్టారు:

బ్రాకెట్లో అర్థం పెట్టకు. "దుర్గ వాళ్ళ అప్ప, ఏడో తరగతి" అని, ఆమె చేతిలో ఉన్న దుర్గ సీసా గురించి ఓ ముక్క రాయి. చెల్లెలి సీసా నింపే మనిషి ఎవరో పిల్లలకి చెప్పక్కర్లేదు.

ఫరీదా:

మా ఇంట్లో పెద్దక్కని ఆపా అంటాం, ఉర్దూలో. ఒడియా మాట అక్కడి నుంచి వెళ్ళి ఉండొచ్చు కదా?

సత్యారావు మాస్టారు:

అయి ఉండొచ్చమ్మా. తెలుగు అప్ప, ఒడియా అపా, ఉర్దూ ఆపా. మూడూ పోలి ఉన్నాయి, మూడూ అక్కే. ఎవరి నుంచి ఎవరికి అనేది పోలికతో నేను చెప్పను. ఇంట్లో పిల్లలు ముందుగా పలికే పెదవి మాటలు ఏ భాషలోనైనా కలవగలవు.

సుజాత (భువనేశ్వర్‌లో పదేళ్ళు ఉన్నాను):

లలిత గారూ, మూలం సంగతి అలా ఉంచండి. కథలో ఒక మాట తప్పు. సస్మిత నీళ్ళని "నిలు" అనదు. హిందీ పిల్లలు ళ పలకలేక నీలు అంటారు, మీరు ఆ అలవాటే ఈ పిల్లకీ పెట్టారు. ఒడియాలో ళ ఉంది. మనం జలం అనేదాన్ని వాళ్ళు ళతో "జొళొ" అంటారు. మీరు రాసిన పాణిలోనూ ణ సరిగ్గానే పడింది, హిందీలో అది పానీ. అందుకే మా కాలనీ ఒడియా పిల్లలు కళ్ళు, పళ్ళు చక్కగా పలికేవారు.

ఇబ్బంది దీర్ఘాల దగ్గర. వాళ్ళ రాతలో ఇ, ఈ వేరుగా ఉంటాయి గానీ నోట్లో తేడా వినపడదు. ఉ, ఊ కూడా అంతే. కాబట్టి సస్మిత నోట్లో నీళ్ళు "నిళ్ళు" అవుతుంది, ఊరు "ఉరు" అవుతుంది. మీ కథ మొదట్లో పురి, పూరీ గొడవ కూడా ఇదే. అంటే పిల్లలు నవ్విన చోటే ఆ పిల్లకి నిజంగా తేడా వినపడదు. ఏం తప్పు అన్నానో తెలియని ముఖం అక్కడ చూపించండి.

లలిత:

సుజాత గారూ, ళ సంగతి నేను ఊహించుకుని రాశాను. మార్చేస్తాను. మరి "అపా" అని రాయడం సరేనా?

సుజాత:

చెవికి అది "ఒపా"లా వినిపిస్తుంది. ఒడియా వాళ్ళ అకారం గుండ్రంగా ఉంటుంది. జగన్నాథుడి పేరు చివర ఒకారం వినిపిస్తుంది కదా, అలా. నేనైతే ఒపా అనే రాస్తాను.

సత్యారావు మాస్టారు:

నేను ఒప్పుకోను. ఒపా అని రాస్తే దుర్గకి అందులో తన అప్ప వినపడదు, చదివే పిల్లకీ వినపడదు. వాళ్ళ లిపిలో ఉన్నది అకారమే కదా.

సుజాత:

లిపి కాదు మాస్టారూ, కుళాయి దగ్గర పిల్ల నోరు. దుర్గ ఒక క్షణం తడబడి తర్వాత పోల్చుకుంటే ఇంకా బాగుంటుంది.

రమణ:

నాదో ప్రశ్న. సాంగ అంటే స్నేహితురాలే కదా? మన సాంగత్యం, సంగడికాడు గుర్తొస్తున్నాయి.

సత్యారావు మాస్టారు:

ఈసారి బాగా పట్టావు. సాంగత్యం వెనక సంస్కృతం ఉంది. ఒడియా సాంగ కూడా ఆ వరసదే. సంగడి మాత్రం విడిగా చూడాలి.

లలిత:

కుళాయి దగ్గర ఘట్టం మళ్ళీ రాశాను. మాస్టారూ, సుజాత గారూ, ఇద్దరి మాటా కొంత తీసుకున్నాను:

"దుర్గ వాళ్ళ అప్ప చెల్లెలి సీసా నింపుతోంది. వెనక నుంచి 'ఒపా, పాణి' అని వినిపించింది. దుర్గ ఎవరినా అని చూసింది. సస్మిత పెద్దమ్మాయినే చూపిస్తోంది. 'ఒపా.' దుర్గ ఆ మాటని నోట్లో ఓసారి తిప్పింది. 'అప్ప?' సస్మిత తల ఊపింది. 'మా అప్పే. నీకూ అప్పేనా?' అంది దుర్గ. తన సీసా తీసి సస్మితకి ఇచ్చింది. 'నీళ్ళు' అంది. 'నిళ్ళు' అంది సస్మిత."

ఇంకొకటి అడగాలి. జట్టు అంటే రాయలసీమ, తెలంగాణ పిల్లలకి అర్థమవుతుందా?

హరి:

మాకు అర్థమవుతుంది. మా వాడైతే ముందు పచ్చి చెప్పి, సాయంత్రానికి జట్టు కలుస్తాడు.

ఫరీదా:

మా మేనకోడలు హైదరాబాద్‌లో ఐదో తరగతి. వాళ్ళు దోస్తీ అంటారు. రేపు దానికి చదివి వినిపిస్తాను, ఎక్కడ ఆగుతుందో చెప్తాను.