సగం నిజమున్న రివ్యూకు అందరి ముందు తప్పు ఒప్పుకోవాల్నా?

లాడ్జి ఓనర్, నల్గొండ: మా లాడ్జికి గూగుల్‌ల ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చిండు. "వేడినీళ్లు లేవు, మురికి దుప్పటి, 300 ఎక్కువ గుంజిన్రు, మోసం" అని రాసిండు. వేడినీళ్లు రాలే, నిజమే. దుప్పటి మాత్రం ఉతికిందే, అది బోరునీళ్ల మరక. 300 ఎక్స్‌ట్రా బెడ్‌ది, ఇద్దరని చెప్పి ముగ్గురొచ్చిన్రు. అందరికీ కనబడేటట్టు ఒప్పుకోవాల్నా, ఫోన్ల మాట్లాడి ఊకోవాల్నా?

సూర్యాపేట సేటు: ఒప్పుకోకన్నా. రాసిచ్చినవంటే రేపు వినియోగదారుల కమిషన్‌ల అదే స్క్రీన్‌షాట్ చూపిస్తడు. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, పరిశీలిస్తాం" అని పెట్టు, అయిపాయె.

పాలమూరు ఫ్రంటాఫీస్: సేటు గారూ, స్క్రీన్‌షాట్ భయం ఉత్తది కాదు. కానీ పైసలు వాపస్ ఇస్తానన్న ఓనర్ మీద కేసు దాకా పోయేవాళ్లు తక్కువ. నష్టం ఇంకో దిక్కు ఉంది. ఆ జవాబును రివ్యూ రాసినాయన ఒక్కసారి చదువుతాడు. రూము బుక్ చేసుకునేవాళ్లు మాత్రం రోజూ చదువుతారు. ప్రతి రివ్యూ కింద అదే "పరిశీలిస్తాం" కనిపిస్తే ఇక్కడ ఎవరూ ఏదీ పరిశీలించరని వాళ్లకు అర్థమైపోతుంది.

ఓనర్ గారూ, "ఉతికిందే" అని మాత్రం రాయకండి. పడుకునే మనిషికి కనబడేది మరక. బోరునీళ్లలో ఇనుముంటే తెల్లగుడ్డ మీద తుప్పు రంగు పడుతుంది, బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతుంది. ఆ మరకకు ఆక్సాలిక్ యాసిడ్ వాడాలి, చేతులకు తొడుగులేసుకొని. అప్పటికీ పోకపోతే ఆ దుప్పటి మంచమెక్కొద్దు. ఇంతకీ నీళ్లెందుకు వేడెక్కలేదు?

లాడ్జి ఓనర్, నల్గొండ: మాది సోలార్. ఆ రోజు పెళ్లోళ్లు దిగిన్రు, పొద్దుగూకేసరికి ట్యాంకుల వేడినీళ్లు ఖతం. కరెంటు కాయిల్ ఆన్ జేసినా కాగలే. తెల్లారి విప్పితే కాయిల్ చుట్టూ తెల్లగ ఉప్పు గట్టి, పెంకు లెక్క ఉంది. అదే రోజు కొత్తది ఏపిచ్చిన.

మిర్యాలగూడ టిఫిన్స్: మా ఇడ్లీల ఎంట్రుక వచ్చిందని ఒకడు రాసిండు. రివ్యూ తీసేస్తే నాలుగు ప్లేట్లు ఫ్రీ అన్న, తీసేసిండు. నువ్వు ఒక రాత్రి ఫ్రీ ఇయ్యి.

పాలమూరు ఫ్రంటాఫీస్: అట్ల చేయొద్దు. రివ్యూ తీయడానికో మార్చడానికో ఆశ చూపడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఆ మెసేజీ ఆయన బయటపెడితే ఇంకా ఆగమైతరు. వాపస్ ఇచ్చేదేదో షరతు లేకుండా ఇవ్వాలి.

300 సంగతి బుకింగ్ అప్పుడు ఫోన్లో చెప్పారా?

లాడ్జి ఓనర్, నల్గొండ: కౌంటర్ల చెప్పిన, బిల్లుల గూడ ఉంది. ఫోన్ల మా పోరడు చెప్పలే.

పాలమూరు ఫ్రంటాఫీస్: అయితే మోసం కాదు, కానీ ఆయన కోపానికి సందిచ్చింది మీరే. ఇంకోటి, ఎంతమంది దిగారు, ఏ రూము అనేది బయట రాయొద్దు, అది ఆయన సొంత విషయం. నేనైతే ఇట్ల రాస్తా:

"నమస్కారం సార్. ఆ రాత్రి మీకు వేడినీళ్లు ఇవ్వలేకపోయాం. సోలార్ నీళ్లు అయిపోయాయి, కరెంటు కాయిల్ పనిచేయలేదు. మర్నాడే కాయిల్ మార్చాం. మరకున్న దుప్పటి వేయడం మా తప్పే, అలాంటివన్నీ తీసేశాం. రూ. 300 అదనపు పరుపుకు తీసుకున్నది, బిల్లులో ఉంది. అయితే ఫోన్లో ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇకపై పూర్తి రేటు వాట్సాప్‌లో పంపుతాం. వేడినీళ్లు లేనందుకు అద్దెలో సగం వాపస్ ఇస్తాం, మీ రివ్యూ ఎట్లున్నా సరే. బిల్లు మీది నంబరుకు ఫోన్ చేయండి."

సూర్యాపేట సేటు: సగం అద్దె అని ఊరందరి ముందు రాస్తే రేపు ప్రతోడూ నీళ్లు కాగలేదంటడు.

పాలమూరు ఫ్రంటాఫీస్: ఈ మాట ఒప్పుకుంటా. "వాపస్ ఇస్తాం" అని రాసి, ఎంత అనేది ఫోన్లో చెప్పండి.

సాగర్ రూట్ ప్రయాణికురాలు: మేము పిల్లలతో నాగార్జునసాగర్ పోతూ నల్గొండలో ఆగుతుంటాం. నాకు మిగతాదంతా బాగుంది గానీ "బిల్లులో ఉంది" దగ్గర మనసు విరుగుతుంది. అంతసేపు క్షమాపణ చెప్పి మళ్లీ లెక్క చూపించినట్టుంది. ఆ 300 కూడా ఇచ్చేయొచ్చు కదా?

పాలమూరు ఫ్రంటాఫీస్: పరుపు వేసిన మాట నిజం కదమ్మా. "మోసం" అన్న మాటకు జవాబు లేకపోతే చదివేవాళ్లు అదే నిజమనుకుంటారు.

సాగర్ రూట్ ప్రయాణికురాలు: జవాబు వద్దనలేదండీ. పరుపు కోసమని చెప్పండి చాలు, బిల్లు ఎత్తకండి.

లాడ్జి ఓనర్, నల్గొండ: ఒక మాట చెప్పాలె. కాయిల్ మార్చిన గాని దుప్పట్లు ఇంక తియ్యలే.

పాలమూరు ఫ్రంటాఫీస్: అయితే ఇవ్వాళ జవాబు పెట్టకండి. తీసేశామని రాసినాక ఒక్కటి మిగిలినా వచ్చేవాళ్లు ఫొటో తీసి పెడతారు. ముందు గదులన్నీ తిరిగి చూడండి.

లాడ్జి ఓనర్, నల్గొండ: సరే. రేపు దుప్పట్లు తీపిచ్చినంకనే పెడత. అమ్మ చెప్పినట్టు బిల్లు మాట తీసేస్త, 300 మాత్రం వాపస్ ఇయ్య.

సూర్యాపేట సేటు: నేనైతే ఇప్పటికీ ఫోన్ల మాట్లాడుకోమనే అంట.